మార్కుల పట్టిక స్కాన్ మసకగా వచ్చిందా? ఆఫీసును మళ్లీ అడిగే మెసేజ్ ఇలా రాయండి

ప్రతి ప్రీ ఫైనల్ అయ్యాక మా మండలంలోని కొత్త టీచర్లు నన్ను ఒకే మాట అడుగుతుంటారు. "ఆఫీసు నుంచి మార్కుల పట్టిక వచ్చింది సార్, సగం అంకెలు తెలియడం లేదు. మళ్లీ పంపమంటే ఏమనుకుంటారో. ఎట్టా రాయమంటారు?" ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను నెల్లూరు జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కొన్నాళ్లు ఆఫీసు పని కూడా చూశాను కాబట్టి ఇలాంటి మెసేజ్ అందుకున్నవాళ్లకు ఎలా ఉంటుందో కూడా తెలుసు.

ముందు ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. స్కాన్ పంపిన క్లర్క్ గారి ముందు అసలు రిజిస్టర్ ఉంటుంది. మీకు మసకగా కనిపించే అంకె ఆయనకు స్పష్టంగానే ఉంటుంది. అందుకే "క్లియర్‌గా లేదు, మళ్లీ పంపండి" అని మాత్రమే రాస్తే ఏం సరిచేయాలో ఆయనకు అర్థం కాదు. అదే ఫొటోను అదే పద్ధతిలో ఇంకోసారి పంపుతారు, అదీ మసకగానే వస్తుంది. మూడోసారి అడగడానికి మీకు మొహమాటం, చేసిన పనే చేయడానికి ఆయనకు విసుగు. మీరు చూస్తున్నది ఆయనకూ కనబడేలా రాయడమే ఈ మెసేజ్‌లో అసలు పని.

మెసేజ్‌కు ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆఫీసు పంపిన ఫైలు, ఫోన్‌లో కాకుండా వీలైతే కంప్యూటర్ తెర మీద
- తెల్ల కాగితం, పెన్ను
- తరగతి, సెక్షన్, పరీక్ష పేరు, విద్యా సంవత్సరం
- సెక్షన్‌లో మొత్తం ఎంతమంది పిల్లలో ఆ లెక్క
- మీకు ఆ మార్కులు ఎప్పటికి కావాలో ఆ తేదీ

1. ఫైలు నిజంగా మసకదేనా, మీ ఫోన్‌లో అలా కనిపిస్తోందా?

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పూర్తిగా డౌన్‌లోడ్ కాకముందే తెరిస్తే అలుక్కుపోయినట్టు ఉంటుంది. ముందు డౌన్‌లోడ్ కానివ్వండి. తర్వాత ఒక అంకెను వేళ్లతో బాగా పెద్దది చేయండి. గీతల అంచులు గళ్లు గళ్లుగా విడిపోతే ఫైలులోనే వివరం తక్కువ ఉందని అర్థం, మీ వైపు నుంచి ఏం చేసినా రాదు. అంచులు నునుపుగానే ఉండి రంగు మాత్రం పాలిపోయి ఉంటే ఫోన్‌లో ఫొటో ఎడిట్ తెరిచి కాంట్రాస్ట్ కొంచెం పెంచి చూడండి. చాలాసార్లు దాంతోనే పని అయిపోతుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

2. ఎందుకు మసకగా వచ్చిందో గుర్తుపట్టండి

దీనికి ఐదు నిమిషాలు పెట్టండి. కారణం చెప్పగలిగితే రెండో స్కాన్ బాగా వస్తుంది. మన బడుల్లో నాకు ఎక్కువగా ఎదురైనవి ఇవి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపడం అన్నిటికంటే మామూలు కారణం. `HD` నొక్కకుండా పంపితే ఫొటో పొడుగు వైపు సుమారు 1600 చుక్కలకు కుదించుకుపోతుంది. తెరిచిన రిజిస్టర్ రెండు పేజీలను కలిపి ఒకే ఫొటో తీస్తే ఆ 1600 చుక్కలు పదహారు అంగుళాల వెడల్పుకు సర్దుకోవాలి. నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున్న చేతిరాత అంకెకు పదిహేను చుక్కలు దక్కుతాయి. అంగుళానికి 300 చుక్కలు తీసే `300 dpi` స్కాన్‌లో అదే అంకెకు దాదాపు 47 చుక్కలు ఉంటాయి. మూడుకూ ఎనిమిదికీ తేడా ఎడమవైపు ఉండే చిన్న వంపే కదా, పదిహేను చుక్కల్లో ఆ వంపు కలిసిపోతుంది.

రెండోది, స్కాన్ యాప్‌లో నలుపు తెలుపు ఫిల్టర్. కాగితం తెల్లగా మెరుస్తుంది కాబట్టి అందరికీ అదే ఇష్టం. కానీ అది లేత నీలం సిరాను, పెన్సిల్ రాతను తుడిచేస్తుంది. ఎర్ర సిరాను నల్లగా మార్చేస్తుంది. తప్పిన మార్కు కింద ఎర్రగీత కొట్టే అలవాటున్న బడిలో ఆ గీతకు అర్థమే పోతుంది.

మూడోది, రిజిస్టర్ సైజు. మార్కుల రిజిస్టర్లు చాలావరకు ఏ4 కంటే పొడుగు. ఆఫీసుల్లో ఉండే ప్రింటర్ల అద్దం సాధారణంగా ఏ4కే సరిపోతుంది. కింది రెండు మూడు వరసలు కత్తిరించుకుపోతాయి, లేదా కుట్టు దగ్గరున్న గడి నీడలో మునిగిపోతుంది. ఆ గడి తరచూ "మొత్తం" గడే అవుతుంది.

నాలుగోది మన కోస్తా బడులకు ఎక్కువ. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు బీరువాలో పెట్టిన రిజిస్టర్ చెమ్మ పీలుస్తుంది. సిరా కాగితం లోపలికి దిగుతుంది. స్కాన్ చేస్తే అవతలి పేజీ అంకెలు తిరగబడి ఇవతల కనిపిస్తాయి. దీనికి చిట్కా చిన్నదే, పేజీ వెనక ఒక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయాలి. వెనకాల తెల్లగా ఉంటే వెలుతురు తిరిగి వచ్చి అవతలి రాతను చూపిస్తుంది, నల్లగా ఉంటే చూపించదు.

3. తెలియని గడుల జాబితా రాసుకోండి

పిల్లల పేర్లు వద్దు. రోల్ నంబరు, సబ్జెక్టు, మీకు ఎలా కనిపిస్తోందో రాయండి. "17, గణితం, 43 గానీ 48 గానీ" అన్నట్టు.

ఈ దశలో మొత్తంతో సరిచూడొచ్చు. కానీ అది ఎక్కడిదాకా పనికొస్తుందో తెలియాలి. పోయినేడు నేను పట్నంలో ట్రైనింగ్‌లో ఉండగా పదో తరగతి బి సెక్షన్ ప్రీ ఫైనల్ పట్టిక తెప్పించుకున్నాను. 38 మంది పిల్లలు, ఆరు సబ్జెక్టులు, మొత్తం 600. సాయంత్రం స్టడీ అవర్‌కు పిల్లల్ని గ్రూపులు చేయాలి. అందులో మూడు వరసలు నన్ను ఆపేశాయి.

రోల్ 17 లో తెలుగు 74, హిందీ 58, ఇంగ్లీషు 61, సైన్స్ 55, సోషల్ 66. వీటి మొత్తం 314. గణితం 43 అయితే 357, 48 అయితే 362. పట్టికలో మొత్తం 362 అని స్పష్టంగా ఉంది. కాబట్టి 48 అనుకున్నాను.

రోల్ 23 లో రెండు గడులు మసక. తెలుగు 63 లేదా 68, సోషల్ 53 లేదా 58. మిగతా నాలుగు కలిపితే 182. మొత్తం 303 అని ఉంది. 68, 53 వేసినా 303, 63, 58 వేసినా 303. ఇక్కడ కూడిక ఏమీ తేల్చదు. ఒక వరసలో రెండు గడులు తెలియకపోతే మొత్తాన్ని నమ్ముకోకండి.

రోల్ 31 లో గణితం 33 గానీ 38 గానీ, పక్కన మొత్తం గడి కుట్టు నీడలో పోయింది. పాస్ మార్కు 35 కదా, ఆ ఒక్క అంకె మీదే ఆ అబ్బాయి ఏ గ్రూపులో కూర్చోవాలన్నది ఆధారపడి ఉంది.

ఖాళీ గడి ఉంటే దాన్నీ జాబితాలో వేయండి. ఖాళీగా వదిలారా, `AB` అని పెన్సిల్‌తో రాస్తే స్కాన్‌లో పోయిందా, సున్నా లేతగా పడిందా అన్నది మీరు తేల్చలేరు. ఆ మూడింటికీ అర్థాలు వేరు.

4. తెర మీది ముక్కను కత్తిరించి గీత గీయండి

మసక గడి, దాని చుట్టూ రెండు వరసలు, పైన సబ్జెక్టు పేరు వచ్చేలా స్క్రీన్‌షాట్ తీసి గడి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టండి. మెసేజ్‌తో పాటు ఇది పంపితే క్లర్క్ గారికి మీ ఇబ్బంది కళ్ల ముందు ఉంటుంది. నాలుగైదు గడులుంటే రెండు స్క్రీన్‌షాట్లు చాలు. పాతిక గడులుంటే స్క్రీన్‌షాట్లు వదిలేసి మొత్తం పేజీ అడగండి.

5. ఎవరికి, ఎప్పుడు పంపాలి

మీ సొంత బడి ఆఫీసు అయితే జూనియర్ అసిస్టెంట్ గారికి నేరుగా పంపవచ్చు. వేరే బడి నుంచి అయితే అక్కడి హెచ్‌ఎం గారిని అడిగాకే ఆఫీసుకు రాయండి. మార్కుల రిజిస్టర్ ఆయన బాధ్యతలో ఉంటుంది, ఆయనకు తెలియకుండా పంపమని క్లర్క్ గారిని ఇరుకున పెట్టకూడదు.

స్టాఫ్ గ్రూపులో మాత్రం అడగకండి. ఆయన పని మీద పదిమందిలో మాట వచ్చినట్టు అవుతుంది. పైగా మార్కుల ముక్కలు అందరి ఫోన్లలోకి వెళ్తాయి.

ఉదయం ప్రార్థన అయ్యాక ఒక గంట ఆఫీసులో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు ఎక్కించే హడావుడి ఉంటుంది. నేనైతే పదకొండున్నర దాటాక పంపుతాను. జీతాల బిల్లులు పెట్టే రోజుల్లో అయితే ఇంకో రోజు ఆగుతాను, అంత అత్యవసరం కాకపోతే.

6. ఇప్పుడు మెసేజ్ రాయండి

ఇందులో ఐదు విషయాలు ఉండాలి: పంపినందుకు కృతజ్ఞత, ఏ పట్టిక, ఏ గడులు, ఎలా స్కాన్ చేస్తే బాగుంటుంది, ఎప్పటికి కావాలి. నేను పంపిన మెసేజ్ ఇదీ:

> నమస్కారం సార్. నిన్న అడగ్గానే 10-బి ప్రీ ఫైనల్ మార్కుల పట్టిక పంపించారు, చాలా థాంక్స్ సార్.
>
> నా దగ్గర మూడు చోట్ల అంకెలు తెలియడం లేదు. గుర్తు పెట్టిన ముక్కలు కింద పంపుతున్నాను.
> రోల్ 17: గణితం (48 అనుకుంటున్నాను, 43 కూడా కావచ్చు)
> రోల్ 23: తెలుగు, సోషల్
> రోల్ 31: గణితం, మొత్తం
>
> ఫొటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తోంది సార్. రిజిస్టర్‌లో ఆ రెండో పేజీ ఒక్కటీ ఆఫీసు స్కానర్‌లో కలర్‌లో, 300 dpi లో పీడీఎఫ్ చేసి డాక్యుమెంట్‌గా పంపితే స్పష్టంగా వస్తుంది. మొదటి పేజీ బాగానే ఉంది, అది మళ్లీ అక్కర్లేదు.
>
> శుక్రవారం సాయంత్రం స్టడీ అవర్ గ్రూపులు వేయాలి. గురువారం లోపు వీలవుతుందా సార్? స్కానర్ కుదరకపోతే చెప్పండి, సోమవారం నేనే వచ్చి రిజిస్టర్ చూసుకుంటాను. మళ్లీ శ్రమ ఇస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మేడమ్ అయితే "మేడమ్" అనండి. మీకంటే వయసులో చాలా చిన్నవాళ్లయినా ఆఫీసు పని విషయంలో "గారు", "మీరు" వదలకండి.

ఇందులో కొన్ని మాటలు కావాలనే పెట్టాను. "మీరు పంపిన స్కాన్ బాగాలేదు" అని కాకుండా "నా దగ్గర తెలియడం లేదు" అన్నాను. అది నిజం కూడా, ఆయన దగ్గర బాగానే ఉంది. "మొదటి పేజీ మళ్లీ అక్కర్లేదు" అన్న ముక్క ఆయన పనిని సగానికి తగ్గిస్తుంది. దాన్ని మరచిపోయేవాళ్లే ఎక్కువ.

"పంపగలరు" అన్న మాట దగ్గర జాగ్రత్త. పై ఆఫీసు సర్క్యులర్లలో అదే ఉంటుంది కాబట్టి మర్యాద అనుకుంటాం. కానీ టీచర్ నుంచి క్లర్క్‌కు వెళ్తే మెమో ఇచ్చినట్టు వినిపిస్తుంది. "పంపగలరని మనవి" హెచ్‌ఎం గారికి రాసే కాగితంలో బాగుంటుంది, వాట్సాప్‌లో దూరంగా ఉంటుంది. "పంపిస్తారా సార్", "వీలవుతుందా సార్" చాలు. "అర్జెంట్" అన్న మాట బదులు తేదీ రాయండి. ఆయనకు వచ్చే ప్రతి మెసేజ్‌లోనూ అర్జెంట్ ఉంటుంది.

ఈమెయిల్ అయితే సబ్జెక్ట్ గీతలో తరగతి, పరీక్ష, పేజీ రాయండి. హెచ్‌ఎం గారికి రాసేటప్పుడు వేరే బడి అయితే మార్కులు దేనికి కావాలో ఒక వాక్యం తప్పకుండా కలపండి.

7. స్కానర్ లేని బడి అయితే

ఫోన్‌తోనే తీయించవచ్చు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ పేజీకి సమాంతరంగా పట్టుకుని తీయమనండి. ఒక్కో పేజీని పై సగం, కింది సగం అని రెండు ఫొటోలుగా తీయాలి. రెండింటిలోనూ మధ్యలో రెండు వరసలు ఉమ్మడిగా రావాలి, లేకపోతే మధ్య వరస ఒకటి జారిపోయినా తెలియదు. పై వరసలో ఉన్న సబ్జెక్టు పేర్లు కింది ఫొటోలో ఉండవు కాబట్టి పక్కన చిన్న కాగితం మీద పేర్లు రాసి పెట్టమంటే ఇంకా మంచిది. యాప్‌లో ఫిల్టర్ `Original` ఉంచమనండి. పంపేటప్పుడు గ్యాలరీ నుంచి కాకుండా `Document` నుంచి పంపాలి.

ఇదంతా ఒకే మెసేజ్‌లో కుక్కకండి. ముందు అడగండి, ఆయన "ఫోన్‌తోనే తీయాలి సార్" అంటే అప్పుడు రెండు వాక్యాల్లో చెప్పండి. రిజిస్టర్ కుట్టు విప్పమని మాత్రం ఎప్పుడూ అడగవద్దు.

8. వచ్చాక ఇలా సరిచూడండి

"అందింది సార్" అని వెంటనే పెట్టండి, కానీ "సరిపోయింది" అనడానికి ముందు ఇవి చూడండి.

వరసలు లెక్కపెట్టండి. 38 మంది ఉంటే 38 వరసలు ఉండాలి. రోల్ నంబర్లు ఎక్కడా దాటకూడదు. తర్వాత నాలుగు మూలలు, కుట్టు వైపు గడులు చూడండి. పేజీ పైన తరగతి, పరీక్ష పేరు కనిపించాలి. ప్రీ ఫైనల్ బదులు పక్క పేజీలోని వేరే పరీక్ష మార్కులు రావడం నేను రెండుసార్లు చూశాను. ఎంత స్పష్టమైన స్కాన్ అయినా అప్పుడు వృథా.

తర్వాత జాబితాలోని గడులతో పాటు ముందు బాగానే కనిపించిన మూడు నాలుగు వరసలను కూడా కూడి చూడండి. శుభ్రంగా కనిపించిన అంకె సరైనదే అనుకోవడం ప్రమాదం. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, కొన్ని స్కానర్లు ఫైలు సైజు తగ్గించే క్రమంలో అచ్చులోని 6 ను 8 గా మార్చేస్తున్నాయని బయటపెట్టారు. అంకె మసకగా లేదు, చక్కగా ఉంది, కానీ వేరే అంకె. టైపు చేసిన పట్టిక అయితే ఈ తనిఖీ మరీ అవసరం.

కొట్టివేసి దిద్దిన మార్కు పక్కన పొట్టి సంతకం కనిపిస్తోందా చూడండి. రెండు అంకెల్లో ఏది చివరిదో అదే చెబుతుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు

మసక అంకెను ఊహించి మన పుస్తకంలో ఎక్కించేసి తర్వాత అడుగుదాంలే అనుకోవడం అన్నిటికంటే చెడ్డది. రెండు వారాల తర్వాత ఏది ఊహో ఏది చూసిందో మనకే గుర్తుండదు. తెలియని గడిని పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి.

"అంకెలు టైపు చేసి పంపండి చాలు" అనడం ఇంకొకటి. రెండు గడులకైతే పర్వాలేదు, ఫోన్ చేసి అడిగినా అయిపోతుంది. పది దాటితే టైపు చేయడంలో కొత్త తప్పులు దొర్లుతాయి, పేజీయే అడగండి.

జవాబు రాకపోతే మరుసటి రోజు మళ్లీ మెసేజ్ పెట్టకండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఫోన్ చేసి "సార్, నిన్న ఒక మెసేజ్ పెట్టాను, చూశారా? ఎప్పుడు వీలవుతుంది?" అనండి. అప్పటికీ కుదరకపోతే వెళ్లి రిజిస్టర్ చూసుకోవడమే. హెచ్‌ఎం గారికి చెప్పడం ఆఖరి మార్గం, మార్కులు ఎక్కించాల్సిన గడువు మీద పడినప్పుడు మాత్రమే.

నా పట్టిక గురువారం మధ్యాహ్నానికే వచ్చింది. రెండో పేజీ ఒక్కటే, కలర్‌లో, వెనక నల్ల కాగితం పెట్టి మరీ చేశారు. రోల్ 23 కు తెలుగు 68, సోషల్ 53. రోల్ 31 కు గణితం 33, కాబట్టి ఆ అబ్బాయి మొదటి బెంచీలో నా గ్రూపులోకి వచ్చాడు. రోల్ 17 మాత్రం నేను అనుకున్నట్టు కాదు. రిజిస్టర్‌లో గణితం 43 అని స్పష్టంగా ఉంది, కూడికలోనే 5 ఎక్కువ పడింది. నేను 48 అని ఎక్కించేసి ఉంటే ఆ తప్పు అలాగే నిలిచిపోయేది. క్లర్క్ గారికి ఇలా రాశాను: "అన్నీ స్పష్టంగా ఉన్నాయి సార్, చాలా థాంక్స్. రోల్ 17 మొత్తం 357 రావాలి, 362 అని ఉంది. జవాబు పత్రం మార్కుతో ఒకసారి సరిచూసి హెచ్‌ఎం గారి సంతకంతో దిద్దిస్తారా?" సోమవారం బడికి వెళ్లేసరికి జవాబు పత్రాల కట్ట విప్పి ఆ పేపర్ తీసి నా బల్ల మీద పెట్టి ఉంచారు, మార్కు 43.